సరుకు వయసు దాని ధర చెప్పదు

మార్చి 31 దాటాక ఏ మధ్యతరహా కంపెనీ లెక్కల విభాగంలో అడిగినా ముగింపు సరుకు విలువ గురించి దాదాపు ఒకే జవాబు వస్తుంది. సరుకును వయసు ప్రకారం విడదీస్తారు. ఆరు నెలల లోపు వచ్చినదానికి ఏమీ తగ్గించరు. ఆరు నెలలు దాటితే 25 శాతం, ఏడాది దాటితే 50 శాతం, రెండేళ్లు దాటితే మొత్తానికి మొత్తం ప్రొవిజన్ రాస్తారు. శాతాలు కంపెనీకీ కంపెనీకీ మారవచ్చు కానీ పద్ధతి ఇదే. ఆడిటర్ వచ్చి వయసు పట్టికలో కూడికలు సరిచూస్తాడు, శాతాలు నిరుడు వాడినవేనా అని చూస్తాడు, గుణకారం సరిపోయిందని టిక్కు పెడతాడు. 'కొన్న ఖర్చు, నికర వసూలు విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది' అన్న నిబంధన అమలైందని ఫైల్లో రాసుకుంటాడు. ఈ మాటే తప్పు. అక్కడ జరిగింది వయసును శాతంతో గుణించడం. నికర వసూలు విలువను ఎవరూ లెక్కగట్టలేదు, ఎవరూ పరీక్షించలేదు. ఏ సరుకును ముందు అనుమానించాలో తేల్చుకోవడానికి వయసు పట్టిక బాగా పనికొస్తుంది. ఆ సరుకు విలువెంతో తేల్చడానికి మాత్రం పనికిరాదు.

ముందు నిబంధన ఏమంటుందో చూద్దాం. పాత లెక్కల ప్రమాణం ఏఎస్ 2 అయినా, పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 2 అయినా సారం ఒకటే. మామూలు వ్యాపారంలో ఆ వస్తువు ఎంతకు అమ్ముడుపోతుందో అంచనా వేయాలి. దాన్ని పూర్తి చేయడానికి ఇంకా పెట్టాల్సిన ఖర్చును, అమ్మడానికి అవసరమైన ఖర్చును అందులోంచి తీసేయాలి. మిగిలినదే నికర వసూలు విలువ. అది కొన్న ఖర్చు కంటే తక్కువైతే తేడాను ఈ ఏడాది నష్టంగానే చూపాలి. ఈ నిర్వచనంలో అమ్మకం ధర ఉంది, ఖర్చు ఉంది. వయసు లేదు. పైగా ఈ పోలిక మామూలుగా వస్తువు వస్తువుకూ విడిగా చేయాలి. ఒకే ఉత్పత్తి వరుసకు చెందినవి, ఒకే పనికి వాడేవి, ఒకే ప్రాంతంలో తయారై అమ్ముడయ్యేవి, విడివిడిగా లెక్కగట్టడం ఆచరణలో సాధ్యం కానివి అయితేనే వాటిని గుంపుగా చూడవచ్చు. 'తయారైన సరుకంతా కలిపి చూస్తే లాభమే కదా' అని మొత్తం మీద తేల్చేయడం కుదరదని ప్రమాణం విడిగా చెబుతుంది. మంచి సరుకు మీద రాబోయే లాభం చెడ్డ సరుకు మీద అప్పటికే వచ్చిపడ్డ నష్టాన్ని దాచకూడదన్నదే ఇక్కడి ఉద్దేశం.

వయసుకూ ధరకూ సంబంధం ఎంత బలహీనమో చూపడానికి 2017 మార్చి చాలు. ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 వాహనాలను దేశంలో అమ్మడానికీ రిజిస్టర్ చేయడానికీ వీల్లేదని మార్చి 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పటికి కంపెనీల దగ్గరా డీలర్ల దగ్గరా కలిపి దాదాపు 8 లక్షల 24 వేల వాహనాలు ఉన్నాయని కోర్టు ముందుకు వచ్చిన లెక్క. మిగిలిన రెండు రోజుల్లో ద్విచక్ర వాహనాల మీద వేల రూపాయల తగ్గింపులు ప్రకటించి దొరికినవాళ్లకు దొరికినట్టు అమ్మారు. మార్చి 31 రాత్రికి షోరూములో మిగిలిపోయిన బండి మామూలు మార్గంలో ఇక్కడ అమ్ముడుపోదు. దాన్ని కంపెనీకి తిప్పి పంపాలి, విదేశాలకు ఎగుమతి చేయాలి, లేదా విడిభాగాలుగా విప్పాలి. ఆ బండి షోరూముకు వచ్చి నెల కూడా అయి ఉండకపోవచ్చు. వయసు పట్టికలో అది 'ఆరు నెలల లోపు' వరుసలో కూర్చుంటుంది, దాని ఎదురుగా ప్రొవిజన్ సున్నా. అది మెరుస్తున్న కొత్త బండే. కానీ సరిగ్గా ఆ తేదీకే దాని విలువ కుప్పకూలింది. వయసు పట్టికను మాత్రమే నమ్ముకున్న లెక్కల్లో ఆ ఏడాది అతి పెద్ద నష్టం ఒక్క రూపాయి కూడా కనబడదు.

ఇది కోర్టు తీర్పుతో వచ్చిన అరుదైన ఘటన అని తోసిపుచ్చే వీల్లేదు. 2022 జులై 1న ఏసీల స్టార్ రేటింగ్ పట్టిక మారినప్పుడు నిన్నటి ఐదు స్టార్ల మోడళ్లు చాలావరకు ఒక స్టార్ కిందికి దిగాయి. కంపెనీ కొత్త మోడల్ తెచ్చినా, పోటీదారు ధర తగ్గించినా, పంట విరివిగా వచ్చి మార్కెట్ యార్డులో ధర పడిపోయినా ఇదే జరుగుతుంది. వీటిలో ఏ కారణమూ సరుకు గోడౌన్లో ఎన్నాళ్లుగా ఉందన్నది చూసి రాదు. ఇందుకు తలకిందులైనదీ నిజమే. పాత యంత్రాల విడిభాగాలు, నగల దుకాణంలోని బంగారం, ఆరబెట్టిన టేకు కలప ఏళ్ల తరబడి ఉన్నా కొన్న ఖర్చుకు పైనే పోతాయి. అంటే వయసు పట్టిక రెండు వైపులా గురి తప్పుతుంది. రాయాల్సిన చోట రాయదు, రాయక్కర్లేని చోట రాస్తుంది.

ఇదంతా అంకెల్లో ఎలా కనబడుతుందో ఒక ఊహాత్మక ఉదాహరణలో చూద్దాం. మోటారు పంపుసెట్లు టోకుగా అమ్మే ఒక వ్యాపార సంస్థ ఉందనుకోండి. మార్చి 31న దాని దగ్గర మూడు రకాల సరుకు ఉంది. మొదటిది 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ పంపుసెట్లు, 40. ఒక్కోటి 18,000 రూపాయలకు కొన్నారు, వచ్చి నాలుగు నెలలైంది. రెండోది పాత మోడల్ పంపులో వాడే ఇంపెల్లర్లు, 600. ఒక్కోటి 150 రూపాయలు, రెండేళ్లు దాటాయి. మూడోది 20 మోటార్లు. ఒక్కోటి 12,000 రూపాయలు, తొమ్మిది నెలలైంది. పైన చెప్పిన శాతాల ప్రకారం మొదటిదానికి ప్రొవిజన్ సున్నా. రెండోదానికి నూరు శాతం, అంటే 90,000. మూడోదానికి 25 శాతం, అంటే 60,000. మొత్తం లక్షా 50 వేలు. ఇప్పుడు ఇదే సరుకును నిబంధన చెప్పినట్టు అమ్మకం వైపు నుంచి చూద్దాం.

పంపుసెట్ల తయారీదారు ఫిబ్రవరిలో కొత్త మోడల్ తెచ్చాడు. ధరల పట్టికలో పాత మోడల్ ఇంకా 21,000 అనే ఉంది. ఆ కాగితం చూసి సంతృప్తి పడితే పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. ఏప్రిల్ ఇన్వాయిస్‌లు తీస్తే జీఎస్టీ కాకుండా 17,500కు 12 సెట్లు అమ్మినట్టు కనబడుతుంది. ఇంకో అడుగు వేసి నెలాఖరు క్రెడిట్ నోట్లు చూస్తే, అమ్మిన ప్రతి సెట్టుకూ వెయ్యి రూపాయల చొప్పున డీలరుకు తిరిగి ఇచ్చినట్టు తేలుతుంది. కాబట్టి నిజంగా చేతికి వచ్చే ధర 16,500. ఇందులోంచి రవాణాకు 300, ఏజెంటు కమీషన్ రెండు శాతం చొప్పున 330, తిరిగి పరీక్షించి కొత్త డబ్బాలో పెట్టి పంపడానికి 270 పోవాలి. మిగిలేది 15,600. సెట్టుకు 2,400 చొప్పున 40 సెట్ల మీద 96,000 నష్టం. దీనికి వయసు పట్టిక పెట్టిన విలువ సున్నా.

ఇంపెల్లర్ల కథ వేరు. పాత పంపులు పొలాల్లో ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి ఒక్కోటి 240కి అమ్ముడవుతోంది, ఖర్చులు 20 పోగా 220 వస్తుంది. కొన్న ఖర్చు 150. ధర విషయంలో నష్టమే లేదు. కానీ కదలని సరుకు విషయంలో అసలు ప్రశ్న పరిమాణం. గత మూడేళ్లలో 220, 185, 155 అమ్ముడయ్యాయి. ఇదే తీరున తగ్గుతూ పోతే రాబోయే నాలుగేళ్లలో సుమారు 400 పోతాయి. ఆ తర్వాత ఆ మోడల్ పంపులే మిగలవని సంస్థ సర్వీసు విభాగం అంచనా అనుకుందాం. మిగిలే 200 పాత ఇనుము కింద 40 చొప్పున పోవాలి. వాటి మీద ఒక్కోదానికి 110 చొప్పున 22,000 నష్టం రాయాలి, మిగతా 400ను కొన్న ఖర్చుకే ఉంచాలి. ఇక మోటార్లలో 15కు ఒక అపార్ట్‌మెంటు నిర్మాణదారుతో 13,500 చొప్పున లిఖిత ఒప్పందం ఉంది. ఒప్పందానికి కేటాయించిన సరుకుకు ఒప్పందం ధరే కొలత. ఖర్చు 500 పోయినా 13,000 వస్తుంది, నష్టం లేదు. మిగిలిన 5 మోటార్లకు బయటి ధర 11,000, ఖర్చు పోగా 10,500. ఒక్కోదానికి 1,500 చొప్పున 7,500 నష్టం. మూడింటికీ కలిపి రాయాల్సింది లక్షా 25 వేల 500.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. పట్టిక చెప్పింది లక్షా 50 వేలు, పరీక్ష చెప్పింది లక్షా 25 వేల 500. పై నుంచి చూసేవారికి తేడా పెద్దది కాదు, 'కొంచెం జాగ్రత్తగా ఎక్కువ రాశారు' అనిపిస్తుంది. కానీ లోపల మూడు వరుసల్లో మూడూ తప్పే. 96,000 ఉండాల్సిన చోట సున్నా, 22,000 ఉండాల్సిన చోట 90,000, 7,500 ఉండాల్సిన చోట 60,000. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేసింది, అంతే. పట్టిక పద్ధతిని సమర్థించేవాళ్లు తరచూ వాడే ఆధారం ఇదే. ఏటా మొత్తం మీద సరిపోతోంది కదా అంటారు. మొత్తం సరిపోవడం ఈ ఏడాది సరుకు మేళవింపు ఇచ్చిన యాదృచ్ఛిక ఫలితం. వచ్చే ఏడాది పంపుసెట్లు 40 బదులు 200 ఉంటే అదే పట్టిక నాలుగు లక్షల 80 వేల నష్టాన్ని సున్నా అని చూపిస్తుంది. ఈ ఏడాది తప్పు వచ్చే ఏడాది లాభాన్నీ పాడుచేస్తుంది. 9,000కు దించేసిన మోటార్లు ఒప్పందం ప్రకారం వెళ్లినప్పుడు ఒక్కోదాని మీద 4,000 లాభం కనబడుతుంది. నిజంగా వచ్చింది వెయ్యి మాత్రమే. ఆ అంకె చూసి మరిన్ని మోటార్లు తెప్పించే యజమానిది తప్పని ఎలా అనగలం?

పైగా ఈ పద్ధతికి పునాదిగా ఉన్న వయసే నమ్మదగ్గది కాదు. వయసు సాఫ్ట్‌వేర్ చెబుతుంది, సాఫ్ట్‌వేర్‌కు ఎంట్రీ తేదీ చెబుతుంది. ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కు మార్చినప్పుడు కొత్త తేదీతో ఎంట్రీ పడితే మూడేళ్ల సరుకు ఒక్క రోజులో కొత్తదవుతుంది. డీలరు తిప్పి పంపిన సరుకు తిరిగొచ్చిన తేదీతో లోపలికి వస్తుంది. కొన్ని చోట్ల వయసును చివరి కొనుగోలు తేదీ నుంచి లెక్కిస్తారు. అక్కడ అత్యవసరంగా ఒక్క ఇంపెల్లర్ కొంటే మిగతా 600 కూడా తాజా సరుకు అయిపోతాయి. ప్రొవిజన్ తగ్గించాలనుకునే మేనేజరుకు ధరలు మార్చడం కష్టం, గోడౌన్ మార్పు ఎంట్రీ వేయడం చాలా సులువు. ఆడిటర్ దీన్ని పట్టుకోవడానికి దారి ఉంది. వయసు పట్టికలో 'కొత్త' వరుస నుంచి కొన్ని వస్తువులు ఎంచి వాటి మూల కొనుగోలు ఇన్వాయిస్ దాకా వెనక్కి వెళ్లాలి. సరుకు లెక్క రోజున గోడౌన్లో డబ్బాల మీద తయారీ నెల చదివి రాసుకోవాలి. ఈ రెండూ చేయకుండా పట్టిక కూడికలు మాత్రమే సరిచూస్తే తప్పుడు తేదీలను ఒప్పు కూడికలతో ధ్రువీకరించినట్టే.

మరి అసలు పరీక్ష ఎలా ఉండాలి? దానికి అత్యంత బలమైన ఆధారం ఏడాది ముగిశాక జరిగిన అమ్మకం. ఆడిటర్ మే, జూన్ నెలల్లో పని చేస్తాడు కాబట్టి ఏప్రిల్, మే అమ్మకాలు అతని చేతిలోనే ఉంటాయి. ఎంచిన ప్రతి వస్తువుకూ ఆ తర్వాతి ఇన్వాయిస్ తీసి, జీఎస్టీ తీసేసి, ఆ అమ్మకానికి సంబంధించిన డిస్కౌంట్లు, స్కీములు, క్రెడిట్ నోట్లు తగ్గించి, అమ్మకపు ఖర్చు పోగా మిగిలినదాన్ని స్టాకు రిజిస్టరులోని ఖర్చుతో పోల్చాలి. అమ్మకపు ఖర్చంటే ఆ ఒక్క అమ్మకం కోసం అదనంగా అయ్యే ఖర్చు మాత్రమే అని కుదించుకోకూడదు. అంతర్జాతీయ ప్రమాణాల వ్యాఖ్యాన కమిటీ 2021 జూన్‌లో ఈ విషయం స్పష్టం చేసింది, అమ్మడానికి అవసరమైన ఖర్చంతా లెక్కలోకి రావాలంది. ఇండ్ ఏఎస్ 2లో మాటలు కూడా అవే. తర్వాతి అమ్మకం చెప్పే ధర మార్చి 31 నాటి పరిస్థితినే నిర్ధారిస్తోందా, ఆ తర్వాత వచ్చిన కొత్త పరిస్థితినా అన్నది కూడా తేల్చాలి. కొత్త మోడల్ ఫిబ్రవరిలో వచ్చింది కాబట్టి ఏప్రిల్ ధర మార్చి 31 నాటి సత్యమే. మే నెలలో గోడౌన్లోకి వరద వచ్చి సరుకు తడిసి చవగ్గా పోతే అది వచ్చే ఏడాది నష్టం. వయసు పట్టికకు ఈ రెండింటి మధ్య తేడా తెలిసే అవకాశమే లేదు.

అభ్యంతరాల్లో అన్నిటికన్నా గట్టిది ఆచరణకు సంబంధించినది. ఇరవై వేల వస్తువులున్న చోట ఒక్కోదాన్నీ ఇలా చూడటం ఎవరి తరం అంటారు. ఇరవై వేలనూ చూడమని ఎవరూ అనడం లేదు. సాధారణంగా సరుకు విలువలో ఎక్కువ భాగం కొద్ది వస్తువుల్లోనే ఉంటుంది. వాటిని పూర్తిగా పరీక్షించాలి. మిగతావాటిలో ప్రమాదం ఎక్కడుందో వడపోయాలి. వయసు పట్టికకు నిజమైన చోటు ఇక్కడ ఉంది. కానీ అది ఒంటరిగా ఉండకూడదు. పక్కన మరో మూడు జల్లెడలు ఉండాలి. గడచిన మూడు నెలల్లో కొన్న ఖర్చు కంటే తక్కువకు అమ్ముడైన వస్తువులు, ఉన్న పరిమాణాన్ని సగటు నెలవారీ అమ్మకంతో భాగిస్తే ఏడాదికి మించి సరిపోయేవి, మోడల్ లేదా నిబంధన మారినవి. ఈ జాబితాలన్నీ అమ్మకం డేటా నుంచి ఒక్క పూటలో తీయవచ్చు. మన ఉదాహరణలోని పంపుసెట్లు వయసు జల్లెడలోంచి జారిపోతాయి, మొదటి కొత్త జల్లెడలోనో చివరిదాంట్లోనో తప్పకుండా చిక్కుతాయి. అంటే కష్టం పనిలో లేదు, తప్పు జల్లెడ ఒక్కటే పట్టుకోవడంలో ఉంది.

రెండో అభ్యంతరం కొంచెం సూక్ష్మమైనది. అంచనాలను ఆడిట్ చేసే ప్రమాణం ఎస్‌ఏ 540 యాజమాన్యం వాడే నమూనాలను ఒప్పుకుంటుంది కదా, వయసు శాతాలు కూడా అనుభవం నుంచి వచ్చిన నమూనాయే కదా అంటారు. మాట సరైనదే, షరతు మరిచారు. నమూనా అనుభవం నుంచి వచ్చిందని చూపాలి. నిరుడు మార్చిలో 50 శాతం ప్రొవిజన్ రాసిన సరుకు ఈ ఏడాదిలో నిజంగా ఎంతకు అమ్ముడైందో వస్తువు వస్తువుకూ తీసి చూడండి. అది ఖర్చులో సగం దగ్గరకు వస్తే ఆ శాతానికి ఆధారం ఉన్నట్టు. ఖర్చుకు పైనే పోయి ఉంటే, లేదా అసలు ఎవరూ కొనకపోయి ఉంటే, ఆ 50 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. గత అంచనాల ఫలితాలను ఇలా వెనక్కి తిరిగి చూడమని ఎస్‌ఏ 540 కోరుతుంది. ఒకే రకమైన చిన్న చిన్న సరుకులు వేలల్లో ఉండి, ఏటా ఈ వెనుచూపులో శాతాలు నిలబడుతున్న చోట వయసు పద్ధతి వాడితే నాకు అభ్యంతరం లేదు. అక్కడ వయసు ధరకు ప్రతినిధి అని ఆధారంతో రుజువైంది. ఆ వెనుచూపు చేయకుండా 'నిరుడూ ఇవే శాతాలు' అని రాసుకుంటే స్థిరత్వం రుజువవుతుంది, సరైనదని రుజువు కాదు.

మూడో వాదన జాగ్రత్త పేరుతో వస్తుంది. కాస్త ఎక్కువ రాస్తే పోయేదేముంది, నష్టం ముందే గుర్తించడం మంచిదే కదా అంటారు. జాగ్రత్త అంటే ఆధారం ఉన్న నష్టాన్ని ఆలస్యం చేయకపోవడం. ఆధారం లేని నష్టాన్ని సృష్టించి వచ్చే ఏటి లాభం కోసం దాచుకోవడం జాగ్రత్త కాదు. పన్ను వైపు చూసినా ఈ వాదన నిలవదు. ముగింపు సరుకును ఖర్చు, మార్కెట్ విలువల్లో తక్కువదానికి తీసుకోవచ్చన్న సూత్రాన్ని చైన్‌రూప్ సంపత్‌రామ్ కేసులో 1953లోనే సుప్రీంకోర్టు వివరించింది. తర్వాత 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 145ఏ సెక్షన్‌ను 2018 ఫైనాన్స్ చట్టం మార్చి, వాస్తవ ఖర్చు, నికర వసూలు విలువల్లో ఏది తక్కువైతే దాన్నే తీసుకోవాలని రాసింది. శాతాల పట్టికకు అందులో చోటు లేదు. సరుకు విలువను కాస్ట్ అకౌంటెంట్‌తో కట్టించమని ఆదేశించే అధికారాన్ని 2023 ఫైనాన్స్ చట్టం పన్ను అధికారికి ఇచ్చింది. ఆ రోజున ఇన్వాయిస్‌లు, క్రెడిట్ నోట్లు, అమ్మకపు ఖర్చుల లెక్క చూపగలిగినవారి తగ్గింపు నిలబడుతుంది. '25, 50, 100' అని రాసిన పాలసీ కాగితం మాత్రమే ఉన్నవారు దేన్ని చూపి నిలబెట్టుకుంటారు?

చివరి అభ్యంతరం కదలని సరుకు గురించే. తర్వాతి అమ్మకమే లేకపోతే ధర ఎక్కడి నుంచి తేవాలి, అప్పుడైనా వయసే దిక్కు కదా అంటారు. ఇది నిజంగా కష్టమైన చోటు, అందుకే ఇక్కడ ఎక్కువ పని చేయాలి. ఆ వస్తువు చివరిసారి ఎప్పుడు, ఎంతకు, ఎవరికి అమ్మారో చూడాలి. ఎవరైనా ధర అడిగి వదిలేశారా అని అమ్మకాల విభాగాన్ని అడగాలి. అదే పని చేసే కొత్త వస్తువు ధర ఎంతుందో, ఈ పాతది ఎంత తగ్గిస్తే పోటీ పడుతుందో చూడాలి. పాత సామాను కొనేవారి దగ్గర లిఖిత ధర తీసుకోవాలి. ముడిసరుకైతే ప్రశ్న మారుతుంది. దాని ధర పడిపోయినా దానితో తయారయ్యే వస్తువు ఖర్చుకు పైనే అమ్ముడవుతుంటే తగ్గించక్కర్లేదు. తయారైన వస్తువే నష్టానికి పోతుంటే ముడిసరుకును ఈరోజు తిరిగి కొంటే పడే ధరతో పోల్చాలి. వీటన్నిటి తర్వాత కూడా ఏ ఆధారమూ దొరక్కపోతే, ఎవరూ అడగని వస్తువుకు విలువ పాత ఇనుము ధర దగ్గరే ఉంటుందని చెప్పే ధైర్యం ఉండాలి. అప్పుడు రాసే నూరు శాతానికి దగ్గరైన తగ్గింపు కూడా వయసు నుంచి వచ్చింది కాదు, కొనేవాడు లేడన్న ఆధారం నుంచి వచ్చింది. ఆ ఆధారం వచ్చే ఏడాది మారితే విలువ మళ్లీ పెంచాల్సి ఉంటుంది. నికర వసూలు విలువను ప్రతి ఏడాది ముగింపులోనూ కొత్తగా చూడాలి, తగ్గించిన కారణం పోతే ఆ తగ్గింపు మేరకే, అసలు ఖర్చును మించకుండా, వెనక్కి తేవాలి. వయసు పట్టికలో ఇది ఎన్నటికీ జరగదు, ఎందుకంటే సరుకు వయసు తగ్గదు.

యాజమాన్యాల భయం నాకు అర్థం కాకపోలేదు. పంపుసెట్ల మీద 96,000 తగ్గిస్తే బ్యాంకుకిచ్చే స్టాకు స్టేట్‌మెంటులో విలువ తగ్గుతుంది, దాని వెంట డ్రాయింగ్ పవర్ తగ్గుతుంది. కానీ ఐదు కోట్లకు మించిన వర్కింగ్ క్యాపిటల్ పరిమితి ఉన్న కంపెనీల త్రైమాసిక స్టేట్‌మెంట్లు లెక్కల పుస్తకాలతో సరిపోతున్నాయో లేదో ఆడిటర్ విడిగా రాయాలని 2020 నాటి కారో ఉత్తర్వు కోరుతోంది. తగ్గిన విలువను దాచిపెట్టడానికి దారులు మూసుకుపోతున్నాయి. దాచిన మేరకు వడ్డీ కట్టేది ఎటూ ఆ సంస్థే.

కాబట్టి ఈ మార్చి 31 సరుకు మీద సంతకం చేయబోయే ఆడిటర్లకూ, ఆ లెక్కలు సిద్ధం చేసే అకౌంటెంట్లకూ ఒక్క విన్నపం. వయసు పట్టికను ముందు పెట్టుకోండి, దానితో జాబితా తయారు చేసుకోండి, ఆ తర్వాత దాన్ని పక్కన పెట్టండి. జాబితాలోని ప్రతి పెద్ద వస్తువుకూ ఎదురుగా మార్చి 31 తర్వాత వచ్చిన నికర ధర, అమ్మకపు ఖర్చు, ఉన్న పరిమాణం, పోయే పరిమాణం అన్న నాలుగు అంకెలు రాయండి. ఈ నాలుగూ లేని ఫైల్లో నికర వసూలు విలువను పరీక్షించామన్న వాక్యం ఉండకూడదు.